ఎక్కని బస్సు

మా కమ్యూనిటీ రేడియోలో లెక్కలు చూసే ఆవిడను అందరం లెక్కలక్క అంటాం. సహకార బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైంది. ఇంట్లో ఊరికే కూర్చోలేక మా దగ్గరికొచ్చింది. జీతం లేదు, అయినా పెత్తనం చూస్తే స్టేషన్ ఆవిడ పుట్టింటి ఆస్తి అనుకోవాలి. పెన్ను పోతే, "ఏ పద్దులో రాయమంటావు, నీ పేరు మీదా?" అని నిలదీసేది. సాయంత్రం పాటలూ కబుర్లూ నడిపే నాకు ఆవిడతో రోజూ తగువే.

సైకిల్ షాపు మీద రెండు గదులు మావి. నిరుడు ట్రాన్స్‌మీటర్‌లో సిగ్నల్‌కు బలమిచ్చే పలక ఒకటి కాలిపోయింది. అప్పటినుంచి మా గొంతు రైల్వే గేటు దాటడం మానేసింది. మాకు ప్రకటనలిచ్చే రంగుల కొట్టూ, గిన్నెల కొట్టూ గేటుకు అవతలే ఉన్నాయి. "మా కొట్లో మా ప్రకటనే వినపడకపోతే డబ్బులెందుకివ్వాలండీ?" అన్నాడు గిన్నెల కొట్టాయన.

గ్రాంటు ఇచ్చే సంస్థ డబ్బు ఆడవాళ్ళ ఆరోగ్యం కార్యక్రమాలకు. రికార్డింగుకింత, శిక్షణకింత, వలంటీర్ల ప్రయాణ ఖర్చులకింత. మిషన్ల రిపేరుకు పైసా వాడకూడదు. రిపేరు ప్రకటనల డబ్బుతోనే చేయించుకోవాలి. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అన్నట్టయింది మా పని.

అప్పుడు మీటింగులో మా వలంటీరు టైలరు పిన్ని లేచింది. గేటుకు అవతలుంటుంది. బాలింతల కార్యక్రమం ఆవిడదే.

"బస్సు డబ్బులు మాకొద్దమ్మా. నడిచొస్తాం. ఆ మిగిలిందాంతో రేడియో మిషన్ బాగుచేయించండి" అంది. మిగతా వలంటీర్లూ సరేనన్నారు. అందరం చప్పట్లు కొట్టాం, లెక్కలక్క తప్ప.

"ఒక పద్దు డబ్బు ఇంకో పద్దుకు మార్చాలంటే సంస్థ అనుమతి కావాలి. అదొచ్చేదాకా బస్సులోనే రండి" అంది. ఎవరు వింటారు? ఆవిడ సంస్థకు రాసింది, మళ్ళీ రాసింది. అక్కడ ఆఫీసరు మారాడట, జవాబు లేదు. వీళ్ళేమో ఎండలో నడుస్తూనే ఉన్నారు. పిన్నికి మోకాళ్ళు వాచాయి.

నాకు ఒళ్ళు మండింది. "అక్కా, బస్సు ఖర్చుల వోచర్ల మీద వాళ్ళతో సంతకాలు పెట్టించి డబ్బిచ్చెయ్యి. వాళ్ళు చందాగా మనకే తిరిగిస్తారు. అప్పుడది మన సొంత డబ్బు. మిషన్‌కు పెట్టుకోవచ్చు."

"ఎక్కని బస్సుకు సంతకమా? అది దొంగ వోచరు."

"ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదరా."

ఆవిడ నీతి ఆవిడకు కూడు పెట్టకపోయినా పరవాలేదు, మా స్టేషన్ నోట్లో మట్టి కొడుతోందని తిట్టుకున్నాను. ఆ మాట ఇప్పటికీ పూర్తిగా వెనక్కి తీసుకోలేదు.

సంవత్సరం ముగిశాక కొత్త ఆఫీసరు ఫోన్ చేశాడు. లెక్కలక్క స్పీకర్ పెట్టింది. మర్యాదస్తుడే పాపం.

"ప్రయాణ ఖర్చుల్లో మిగిలింది వాపసు చేయాలి మేడమ్. రిపేరుకు మార్చడం కుదరదు. అన్నట్టు, ఏడాదంతా ఆ పద్దులో ఖర్చే లేదు కాబట్టి వచ్చే ఏడాదికి తీసేశాం. అవసరం లేదని మీ లెక్కలే చెప్తున్నాయి."

"అవసరం లేక కాదు సార్, వాళ్ళు నడిచారు" అంది లెక్కలక్క.

"నడిచినట్టు కాగితం మీద లేదు కదండీ."

ఫోన్ పెట్టేశాక ఆవిడ ప్రయాణ ఖర్చుల ఖాళీ పేజీ తీసి ముందు పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ మొహం అలా చూడలేదు.

మర్నాడు బడ్జెట్ మీటింగు. గ్రాంటు తగ్గింది, ప్రకటనల దగ్గర అద్దెకు చాలేంత కూడా లేదు, రిపేరు దగ్గర అంకె లేదు, ఉత్త గీతే. లెక్కలక్క అంకెలు చదువుతూ వలంటీర్ల పద్దు దగ్గర ఆగిపోయింది. పిన్ని మోకాలు రుద్దుకుంటూ నవ్వింది.

"మా గురించి బెంగెందుకమ్మా? మా బస్తీలో రేడియో పెడితే గురగుర తప్ప ఏం వినపడట్లేదని అందరూ అడుగుతున్నారు. ముందు మిషన్ సంగతి చూడు. ఈ ఏడు కూడా బస్సు డబ్బులు వద్దులే."

లెక్కలక్క కళ్ళజోడు తీసేసింది. నేను చెబుదామనుకుంటే చెయ్యెత్తి ఆపింది.

"వద్దనడానికి కూడా ఈ ఏడు ఏం లేదు పిన్నీ" అంది. "మీరు నడిచిందంతా వాళ్ళకు తిరిగి కట్టేస్తున్నాం."

పిన్నికి అర్థమవడానికి కొంచెం టైం పట్టింది. తర్వాత మోకాలి మీంచి చెయ్యి తీసి చీర కిందికి లాక్కుంది.