హోరులో బజర్

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలు పోయించుకునే ముందు చెంబులో వేలు ముంచి చూసే ఇంట్లో పెరిగాను. నాన్న బిట్రగుంటలో రైల్వే గార్డు. పచ్చజెండా ఊపే ముందు ఆయన వెనక్కి తిరిగి చూసే చూపులో దేవుడి మీద కూడా పెద్దగా నమ్మకం కనిపించేది కాదు. పందొమ్మిదివందల అరవైల్లో, కొంతకాలం బడిపంతులమ్మగా చేసి, మళ్ళీ చదువుకుందామని ఎం.ఏ. సైకాలజీలో చేరినప్పుడు ఇంటి నుంచి వెంట తెచ్చుకున్నది ఈ అనుమానమే.

ప్రాక్టికల్‌కి ఇద్దరిద్దరిని జత చేశారు. నా జతగాడు విడవలూరు అవతల సముద్రం ఒడ్డు పల్లెవాడు, చేపలు పట్టే ఇంటి కుర్రాడు. నాకంటే చిన్నవాడు కాబట్టి అక్కా అని పిలిచేవాడు. వాళ్ళ పల్లెలో అంతదాకా చదివినవాడు అతనొక్కడే. ఆ ఏడు పరీక్ష తప్పితే మళ్ళీ ఫీజు కట్టి చదివించే ఓపిక వాళ్ళింట్లో లేదని అందరికీ తెలుసు.

మేం చేయాల్సింది మనిషి ఎంత త్వరగా స్పందిస్తాడో కొలవడం. ఒక చెక్కపెట్టె, దానికి చిన్న బల్బు, ఒక బజర్. బల్బు వెలిగినా బజర్ మోగినా ఎదుటి మనిషి వెంటనే మీట నొక్కాలి. ఎంతసేపు పట్టిందో పెట్టె వెనక ముల్లు సెకనులో నూరోవంతుల్లో చూపిస్తుంది. సెలవుల్లో నేను రైల్వే కాలనీలో, అతను వాళ్ళ పల్లెలో, ఒకే పెట్టెను మార్చుకుంటూ కొలిచాం. ప్రతి మనిషికీ వెలుతురూ శబ్దమూ రెండూ పెట్టాం. సగంమందికి వెలుతురు ముందు, సగంమందికి శబ్దం ముందు.

తిరిగొచ్చాక మా లెక్చరర్ గారు అంకెలు చూసి కళ్ళజోడు తీసేశారు. వెలుతురుకి స్పందించేదానికంటే శబ్దానికి మనిషి త్వరగా స్పందిస్తాడని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. మా రైల్వేవాళ్ళు అలాగే చేశారు. పల్లెవాళ్ళకు మాత్రం రెండూ ఇంచుమించు ఒక్కటే.

రెండు సగటుల మధ్య తేడా నిజమైనదా, ఊరికే తగిలిందా అని తేల్చే టీ టెస్టులు ఆయన వరసగా కట్టించారు. ఒక్కో మనిషికి మొత్తం సగటు తీసి రెండు గుంపుల్నీ పోలిస్తే తేడా లేదు. రైల్వేవాళ్ళలో వెలుతురునీ శబ్దాన్నీ పోలిస్తే తేడా గట్టిగా ఉంది. పల్లెవాళ్ళలో పోలిస్తే లేదు.

"సగటు ఈమెతో సరిపోయింది, లోపల మాత్రం పొంతన లేదు. ఇంట్లో కూర్చుని రాసుకొచ్చావా అబ్బాయ్?" అన్నారాయన. "ఈ రికార్డు మీద నేను సంతకం పెట్టను."

సంతకం లేకపోతే పరీక్ష లేదు. అతను తల వంచుకుని, "రాసుకురాలా సార్. కొలిచినాను," అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకూ అతని మీద అనుమానం వచ్చింది. కానీ ఆ టీ టెస్టుల మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఒకచోట తేడా తేలింది, ఇంకోచోట తేలలేదు అన్నంత మాత్రాన ఆ రెండు తేడాలూ వేరని ఎలా రుజువైనట్టు? ఆ సంగతి ఆయన అడగనే లేదు. పైగా టీ మీద టీ కట్టుకుంటూ పోతే ఏదో ఒకటి ఉత్తి పుణ్యానికే తగలవచ్చు. ఇక్కడ ఉన్నవి రెండు గుంపులు, రెండు సంకేతాలు, మొత్తం నాలుగు గళ్ళు. నాలుగింటినీ ఒక్కసారి చూడాలంటే అనోవా అనే లెక్క కట్టాలి. అదీ ఒకే మనిషి రెండు సంకేతాలకూ కూర్చున్నాడన్నది లెక్కలోకి తీసుకుని కట్టాలి.

స్టాటిస్టిక్స్ వాళ్ళ దగ్గర చేత్తో తిప్పే లెక్కల యంత్రం అడిగి తెచ్చి, మణికట్టు లాగేదాకా తిప్పాను. గుంపు ప్రభావం ఏమీ లేదు. కానీ గుంపూ సంకేతమూ కలిసిన చోట, ఇంటరాక్షన్ అంటారే, అక్కడ అనోవా ఇచ్చే ఎఫ్ విలువ పట్టికలో హద్దు దాటి చాలా దూరం పోయింది, అంటే అది ఊరికే తగిలిన తేడా కాదు. నా లెక్క మీద నాకే నమ్మకం లేక, ప్రతి మనిషి వెలుతురు అంకెలోంచి శబ్దం అంకె తీసేసి, ఆ తేడాల మీద రెండు గుంపులకీ ఒక టీ కట్టాను. దాని వర్గం సరిగ్గా ఆ ఎఫ్‌తో సరిపోయింది. అప్పుడు గుంపుకో గీత చొప్పున గ్రాఫు గీశాను. పల్లెవాళ్ళు వెలుతురుకి మావాళ్ళకంటే చురుకు, శబ్దానికి మావాళ్ళకంటే నెమ్మది. రెండు గీతలూ కత్తెరలా దాటుకున్నాయి. సగటు తీస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, అందుకే గుంపుల మధ్య తేడా కనబడలేదు.

ఒక మాట నాకు తట్టింది. దొంగ అంకెలు రాసేవాడు పుస్తకంలో ఉన్నట్టు రాస్తాడు గానీ, పుస్తకానికి అడ్డంగా రాసి తన మెడకు తానే ఉరి వేసుకోడు. మరి ఇవి నిజమైతే ఎందుకిలా వచ్చాయి? పల్లె మనుషుల చెవి మందమా? అలా రాసేస్తే లెక్చరర్ గారు సంతోషంగా సంతకం పెట్టేవారేమో. నాకు ఆ మాటా నమ్మబుద్ధి కాలేదు. పెట్టె పుచ్చుకుని అతనితో వాళ్ళ పల్లెకి బయల్దేరాను.

"ఎక్కడ కూర్చోబెట్టి కొలిచావు?" అని సముద్రం ఒడ్డుకు చేరగానే అడిగాను.

"ఈడే అక్కా, పడవ నీడన. వల లాగే కాలంలో మావోళ్ళు ఇళ్ళకాడికి రారు గదా. అదో, ఆ దిబ్బ మీద మనిషి నిలబడి ఉండాడే, చేపల గుంపు కనబడితే గుడ్డ ఊపుతాడు. అది చూసుకుంటా ఈడే ఉండాల."

అతను చెబుతున్నది నాకు సగమే వినబడింది. అల మీద అల విరిగి పడుతోంది. "ఈ హోరులో బజర్ ఎలా వినబడింది?" అని అరిచాను.

అతను అమాయకంగా నా మొహంలోకి చూశాడు. "ఏ హోరక్కా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నేను కొలిచింది తలుపులు మూసిన హాల్లో. అతను పుట్టినప్పటి నుంచీ వింటున్నది కాబట్టి సముద్రం శబ్దం అతనికి శబ్దమే కాదు. గుంపుతోపాటు చోటూ మారిపోయింది, ఆ సంగతి మా ఇద్దరికీ తోచలేదు.

వేట లేని రోజున ఆ మనుషుల్నే బతిమాలి, సరుగుడు తోట వెనక బడిగదిలో మళ్ళీ కొలిచాం. శబ్దం అంకెలు బాగా తగ్గాయి. రెండోసారి కాబట్టి చెయ్యి తిరిగిందేమోనని అనుమానించాను. అదే అయితే వెలుతురు అంకెలూ తగ్గాలి కదా, అవి ఉన్నచోటే ఉన్నాయి. కత్తెర విడిపోయి గీతలు జంట పట్టాల్లా పక్కపక్కన నడిచాయి. పల్లెవాళ్ళు ఇప్పుడు రెండింట్లోనూ మావాళ్ళకంటే చురుకు. దిబ్బ మీది గుడ్డకోసం కాచుకునే అలవాటే కారణమేమో, అది మాత్రం నేను రాయలేదు. దానికి రుజువు లేదు.

లెక్చరర్ గారికి ఇప్పుడు మా ఇద్దరి మీదా అనుమానం. "ఇద్దరూ కూడబలుక్కున్నారా?" అని, స్వయంగా చూస్తానని పల్లెకి వచ్చారు. అక్కడ వండే పీతల కూర రుచి సంగతి ఆయనకెవరో చెప్పారని నా అనుమానం.

పడవ నీడన కూర్చుని మీట మీద వేలు పెట్టారు. పక్కన మా కుర్రాడి మేనమామ వల కుట్టుకుంటున్నాడు. పెట్టె వెనక కుర్రాడు. నేను ముల్లు చూస్తున్నాను. ముల్లు కదిలింది. తిరుగుతూనే ఉంది. లెక్చరర్ గారి వేలు కదల్లేదు.

"బజర్ కొట్టవయ్యా, ఎంతసేపు?" అన్నారు.

"కొట్టినాను సార్," అన్నాడు కుర్రాడు బిక్కమొహంతో.

మేనమామ తలెత్తకుండానే అన్నాడు. "మోగతానే ఉండాది గదా సామీ, ఇందాకట్నించి."

లెక్చరర్ గారు మీట మీద నుంచి వేలు తీశారు. కాసేపు సముద్రం వైపు చూశారు. తర్వాత రికార్డు అడిగి, పడవ అంచున పెట్టుకుని సంతకం పెట్టారు. "నా రీడింగ్ మాత్రం ఎక్కించకండి," అన్నారు.

కుర్రాడు రికార్డు తీసుకుని నీళ్ళ దాకా వెళ్ళి, మాకు వీపు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఏడుస్తున్నాడని నా అనుమానం. అది మాత్రం వెళ్ళి తేల్చుకోలేదు.