ఫ్లోరమ్మ తప్పు కొలత

జువ్వలదిన్నె దగ్గర ఒక పాలెంలో ఫ్లోరమ్మ అంటే గర్భిణులకే కాదు, వాళ్ళ అత్తలకు కూడా హడలే. ఇరవై ఆరేళ్ళుగా అక్కడి నర్సమ్మ ఆవిడ. ఐరన్ మాత్రలు మింగకుండా ఇసుకలో పూడ్చిపెట్టిన మహాతల్లుల్ని పేరుపేరునా చెప్పగలదు. నోరా, అబ్బో! బోటు ఇంజనైనా ఆగుతుందేమో గాని అది ఆగదు. కానీ పొట్ట మీద చెయ్యి వేసిందంటే మాత్రం పువ్వును ముట్టుకున్నట్టే. తన చెయ్యి తప్పదని ఆవిడకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ బుధవారం అంగన్‌వాడీలో పరీక్షలు. పెంచల్ భార్య వినీలకు తొలి కాన్పు, ముప్పై నాలుగో వారం. పరదా వెనక బల్ల మీద పడుకున్నదల్లా ఫ్లోరమ్మ టేపు తీయగానే లేచి కూర్చుంది.

"అక్కా, ఒక్కసారి బాత్రూముకు పొయ్యొస్తా."

అత్త వెంకటశేషమ్మ అడ్డంగా నిలబడింది. "కొలిచినాక పోదువులేమే! రెండు నిమిషాలు బిగబట్టుకోలేవా?"

ఫ్లోరమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. "కొలిచినాకే ఎందుకు పోవాల?"

"రెండు చెంబుల మజ్జిగ తాపించిందక్కా," వినీల ఏడుపు మొహం పెట్టింది. "పోయినసారి కూడా తాపించింది."

వెంకటశేషమ్మ ఏమాత్రం తొణకలేదు. "తాపించినా. పొట్ట చిన్నదంటే నువ్వు కావలికి స్కానింగుకు తోలతావు, ఆడికి పోతే కడుపు కోస్తారు. నిండుగా కనపడతాదని తాపించినా. తప్పేముండాది?"

వినీల పరుగెత్తి వెళ్ళొచ్చాక ఫ్లోరమ్మ మళ్ళీ పడుకోబెట్టింది. గర్భసంచి పైఅంచు ఎక్కడుందో అరచేతి అంచుతో వెతికి పట్టుకుంది. అంకెలు కనబడకుండా టేపును బోర్లించి, అక్కడి నుంచి పొత్తికడుపు కింది ఎముక దాకా పరిచి, అప్పుడు తిప్పి చూసింది. ముప్పై సెంటీమీటర్లు. ఎన్ని వారాలైతే ఇంచుమించు అన్ని సెంటీమీటర్లు ఉండాలి. రెండు అటూ ఇటూ అయినా పరవాలేదు. ఇక్కడ నాలుగు తక్కువ.

కార్డు తిరగేసింది. రెండు వారాల కింద తన చేత్తోనే రాసిన అంకె ముప్పై ఒకటి. పొట్ట పెరగాలి గాని తగ్గడమేమిటి? మూత్రసంచి నిండుగా ఉంటే గర్భసంచి పైకి జరుగుతుంది, కొలత ఎక్కువ చూపిస్తుంది. ముందు బాత్రూముకు వెళ్ళి రమ్మని చెప్పాకే కొలవాలి. పోయినసారి జనం ఎక్కువున్నారని ఆవిడ చెప్పలేదు. మజ్జిగ అత్తదే కావచ్చు, తప్పు మాత్రం ఫ్లోరమ్మది.

ముప్పై మూడని రాసేస్తే అడిగే దిక్కు లేదు. కలం కార్డు మీద ఆగింది. లోపలున్న బిడ్డ నిజంగానే ఎదగడం లేదేమోనన్న ఆలోచన వచ్చింది. ముప్పై అనే రాసి, తనను తాను తిట్టుకుంటూ, తనతో కలిపి ముగ్గురికీ కావలికి ఆటో మాట్లాడింది.

కావలిలో డాక్టర్ మెర్లిన్ స్కాను చేస్తూ బిడ్డ తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు తీసింది. వాటితో లెక్కగట్టి చెప్పిన బరువు సుమారు కేజీ తొమ్మిది వందలు. మూడో నెల స్కానుతో నిర్ణయించిన వారాల ప్రకారం ఆ బరువుకు చార్టులో కింది గీత మీద చుక్క పెట్టింది.

"కార్డులో పొట్ట తగ్గిందేంటమ్మా?"

"నా తప్పు డాక్టరుగారూ. మూత్రసంచి నిండుగా ఉన్నప్పుడు కొలిచినా."

వెంకటశేషమ్మ నోరు వెళ్ళబెట్టింది. ఫ్లోరమ్మ తన తప్పు ఒప్పుకోవడం ఆవిడ వినడం ఇదే మొదలు.

"ఈ వయసు బిడ్డలు వందమందిలో తొంభైమంది ఇంతకంటే బరువుంటారు," అంది డాక్టరు. "ఉమ్మనీరు బాగుంది, బొడ్డుతాడులో రక్తం పారడమూ బాగుంది. చిన్నదైనంత మాత్రాన జబ్బు కాదు. పెరుగుదల మందగించిందా లేదా ఒక్క స్కానుతో తేలదు. రెండు వారాలాగి మళ్ళీ చూద్దాం. కదలికలు తగ్గితే మాత్రం ఆ క్షణమే రావాలి."

ఆ రెండు వారాలూ ఫ్లోరమ్మ పొద్దున్నే వాళ్ళింటి ముందు ప్రత్యక్షం. "తంతాండాడా?" "తంతాండాడక్కా." పెంచల్ బొజ్జ చూసి, "నువ్వెన్నో వారంరా?" అని అతన్నీ వదల్లేదు. ఇంటికెళ్ళాక మాత్రం అన్నం సయించేది కాదు.

రెండో స్కాను రోజు డాక్టరు కొత్త చుక్క పెట్టేదాకా ఆవిడ చార్టు మీది నుంచి కన్ను తిప్పలేదు. రెండు కేజీల మూడు వందలు.

"అదే గీత వెంట పైకి పోతోంది," డాక్టరు నవ్వింది. "వినీలా చిన్న మనిషే, బిడ్డా చిన్నదే. ఎదుగుదల మాత్రం ఆగలేదు. కాన్పు దాకా కనిపెట్టి చూసుకుందాం."

బయట బెంచీ మీద కూలబడి ఫ్లోరమ్మ భోరుమంది. "నన్ను క్షమించవే వినీలా. ఆ రోజు బాత్రూముకు పొయ్యి రమ్మని ఒక్క మాట చెప్పుంటే అప్పుడే తెలిసేది. బిడ్డకేమన్నా అయ్యుంటే నా మొహం నీకెట్టా చూపించేది?"

వినీల పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి తీసుకుంది. "ఏడవబాకక్కా. చిన్నదైతే ఏం, ఎదగతా ఉండాది గదా?"

"ఎదగతా ఉండాది," అంది ఫ్లోరమ్మ, ఇంకా ఏడుస్తూనే.