టీవీ వీపు మీద చెయ్యి

సరళకుమారి ఫరీదాబాద్‌లో నర్సు. పాత టీవీ కొందామని భర్త సిలాసుతో దుకాణానికి వెళ్లేసరికి, మూలనున్న టీవీలో బొమ్మ ధగధగలాడుతోంది. సిలాసు వెంటనే పర్సు తీశాడు. ఆవిడ మాత్రం వెనక్కి వెళ్లి, రోగి నుదురు చూసినట్టు దాని వీపు మీద అరచెయ్యి ఆనించింది.

"బాగా కాలుతోంది భయ్యా. పొద్దుట్నుంచీ ఆడిస్తున్నావు కదూ. ఆపెయ్, చల్లారాక చూస్తాను."

"బొమ్మ బాగానే ఉందిగా దీదీ," అన్నాడు దుకాణదారు మనోహర్‌లాల్.

"వేడి మీద ముసలి పిక్చర్ ట్యూబు కూడా కుర్రదానిలాగే ఉంటుంది."

టీవీ ఆపించి, స్టూలు లాక్కుని కూర్చుని టిఫిన్ డబ్బా విప్పింది. పులిహోర తింటూనే, బేరానికి వచ్చినవాళ్లందరికీ "వెనక ముట్టుకుని చూడండి" అని సలహా ఇచ్చింది. ఇద్దరు ముట్టుకుని వెళ్లిపోయారు. మనోహర్‌లాల్ మొహం వాడిపోయింది.

చల్లారాక మళ్లీ పెట్టిస్తే మాటలు వెంటనే వినిపించాయి. బొమ్మ మాత్రం మసకమసకగా, ఎంతకీ తేరుకోలేదు.

"ఇంకోటి చూపించనా దీదీ?"

"నువ్వు చూసుకునేది చూపించు."

గల్లా పక్కన అతని సొంత టీవీ ఆపేసి ఉంది. ముట్టుకుంటే చల్లగా ఉంది. పెట్టగానే బొమ్మ నిండుగా వచ్చింది, మూలల్లో రంగు మరకల్లేవు, ఛానళ్లన్నీ మారాయి. సిలాసు మళ్లీ పర్సు తీశాడు. ఈసారి ఆవిడ ఆపలేదు.

"మరి సాయంత్రం మ్యాచ్ నేనెందులో చూడను?" అని గొణిగాడు మనోహర్‌లాల్.

"ఆ మూలది ఉందిగా భయ్యా. ఇప్పుడే పెట్టుకో, టాస్ వేళకి బొమ్మ వస్తుంది."