టీచరమ్మ అనని మాట

రెండు గంటల లైవ్‌లో తొంభై సెకన్లు ఏరడం నా ఉద్యోగం. రాంగోపాల్‌పేట్‌లో ఒక ఇనుప సామాన్ల దుకాణం మీద ఉన్న గదిలో కూర్చుని, వాళ్ళూ వీళ్ళూ పంపిన లైవ్ రికార్డింగులు చూసి, అందులో మంచి ముక్క కోసి రీల్‌గా చేసేదాన్ని. వాటిని వాళ్ళ వాళ్ళ పేజీల్లో స్టూడియోనే పెట్టేది. ఆ స్టూడియో నడిపేవాడిని అందరం అన్న అనేవాళ్ళం. నన్ను చెల్లె అని పిలిచేవాడు. పని నేర్పింది కూడా అతనే. ఆ మాట దాచను. అందుకే కోపం ఇంకా ఎక్కువ.

మాకు వచ్చే రికార్డింగుల్లో నాకు ఇష్టమైనది చిలకలగూడ టీచరమ్మది. బడిలో కుట్టుపని చెప్పి రిటైరైన మనిషి. ప్రతి శనివారం మధ్యాహ్నం తన ముందుగదిలో ఫోన్ స్టాండుకు పెట్టి, బల్ల మీద గుడ్డ పరిచి, జాకెట్టు కత్తిరించడం లైవ్‌లో చూపించేది. చూసేవాళ్ళు తక్కువే, అందరూ ఆడవాళ్ళే. కామెంట్లలో అడిగిన ప్రతిదానికీ పేరు పెట్టి పిలిచి జవాబు చెప్పేది. మధ్యలో స్టేషన్ నుంచి రైలు కూత వినిపిస్తే, అది అయిపోయేదాకా కత్తెర పట్టుకుని ఊరుకునేది.

ఆ శనివారం సగం లైవ్ గడిచాక ఒక కామెంటు వచ్చింది. "మేడమ్, నాకు ఒకవైపు బ్రెస్ట్ తీసేశారు. జాకెట్టు సరిగ్గా కూర్చోవడం లేదు. ఎలా కుట్టుకోవాలి?" టీచరమ్మ ఆ మాట చదివి కళ్ళద్దాలు సర్దుకుంది. అయ్యో అనలేదు. "మంచి ప్రశ్న అడిగావమ్మా" అని, చేతిలో ఉన్న గుడ్డ పక్కన పెట్టి కొత్త గుడ్డ తీసింది.

తరవాత చెప్పినదంతా పనికొచ్చే మాట. లోపలి లైనింగు మెత్తటి నూలుగుడ్డతో వేయాలి. ఆ వైపు లైనింగుకు ఒక జేబు కుట్టాలి, నోరు చంక వైపు ఉంచాలి, తీసేసిన రొమ్ము చోట పెట్టుకునే మెత్తను అందులోంచి పెట్టుకుని తీసుకోవచ్చు. మెత్త నిండుతుంది కాబట్టి డార్టులు, అంటే ఆకారం కోసం వేసే మడత కుట్లు, రెండువైపులా ఒక్కలాగే వేయాలి. మెడ కాస్త పైకి ఉంచితే వంగినప్పుడు జేబు కనపడదు. ఆపరేషను తరవాత కొందరికి ఆ వైపు చెయ్యి వాస్తుంది, అందుకని రెండు చేతులూ విడివిడిగా కొలవాలి. హుక్కులు ముందే పెట్టాలి, చెయ్యి వెనక్కి తిప్పడం కష్టం. చెబుతూనే జేబు కత్తిరించి, పిన్నులు గుచ్చి చూపించింది.

సోమవారం రికార్డింగు నా ముందు తెరుచుకున్నప్పుడు వెతకాల్సిన పనే లేకపోయింది. అయినా అలవాటు కొద్దీ మొత్తం చూశాను. మామూలుగా నేను చూసేది ఒకటే: ముందువెనకలు తెలియని మనిషి మధ్యలో వచ్చి చూసినా అర్థమయ్యే ముక్క ఏది? చాలాసార్లు మంచి మాట ఒకచోట, దాని ముగింపు ఇంకోచోట ఉంటుంది. ఇక్కడ ప్రశ్న, పని, ఫలితం వరసగా ఉన్నాయి. పది నిమిషాల జవాబులోంచి జేబు కత్తిరించడం, మెత్త పెట్టడం, ముందు హుక్కులు తీసుకున్నాను. చెయ్యి వాపు సంగతి కూడా వదలబుద్ధి కాక ఉంచాను. రైలు కూత కోసేశాను. "హాయ్ అమ్మా, బాగున్నారా" అన్న పలకరింపులు కోసేశాను. అన్నిటికంటే ముందు టీచరమ్మ ఆ స్త్రీ పేరు చదివిన చోటు కోసేశాను. తొంభై సెకన్లు కుదిరాయి.

కానీ ముక్క హఠాత్తుగా మొదలవుతోంది. "ఈ వైపు లైనింగు తీసుకో" అనడంతో షురూ అయితే ఎవరికీ ఏమీ తెలియదు. రీల్ తెరిచిన మనిషి వేలు మొదటి క్షణాల్లోనే పైకి జరుపుతుంది. ఆ వేలిని ఆపడానికి ముందు ఒక హుక్ లైన్ పెట్టాలి. లైవ్‌లో అలాంటి వాక్యం లేకపోతే తరవాత చెప్పించి అతికిస్తాం. అదే చీర, అదే బల్ల, అదే వెలుతురు ఉంటే అతుకు కనపడదు.

"టీచరమ్మ ఇంటికి పోయి ఒక్క లైను రికార్డ్ చేసుకొస్తా అన్నా" అన్నాను.

"ఎందుకు చెల్లె అంత తక్లీఫ్? ఆమె గొంతు మనదగ్గర గంటలకొద్దీ ఉంది. యాప్ల వేస్తే అదే మాట్లాడ్తది. నువ్వు ముక్క ఇచ్చి పో, మిగిలింది నేను చూస్కుంట."

"లైను ఏం పెడ్తవ్?"

"పెడ్తా తియ్ మంచిదే."

మర్నాడు పొద్దున బోయిగూడ నుంచి ఆటోలో వస్తూ ఫోన్ తెరిచాను. రీల్ పైకే వచ్చింది. మొదట నల్లటి తెర. దాని మీద ఆ కామెంటు, పేరుతో, చిన్న ఫోటోతో సహా పెద్దదిగా. వెనక ఏడుపు సంగీతం. టీచరమ్మ గొంతు, కాస్త వణుకుతూ: "ఒక రొమ్ము కోల్పోయిన ఈ అభాగ్యురాలి ప్రశ్న చదివి, లైవ్‌లోనే ఏడ్చేశాను."

ఆమె ఏడవలేదు. ఆ మాట అనలేదు. రెండు గంటలు చూసినదాన్ని, నాకు తెలుసు. తరవాత వచ్చే తొంభై సెకన్లలో ఏడుపు వెతికేవాడికి నిరాశే. దాని కోసమే ఆగినవాళ్ళు కింద "పాపం", "దేవుడు చల్లగా చూడాలి" అని రాసుకుంటూ పోయారు. జేబు ఎటు కుట్టాలో ఒక్కరూ అడగలేదు.

మెట్లెక్కి గదిలోకి వెళ్ళి ఫోన్ అన్న ముందు పెట్టాను.

"గిదేందన్నా? ఆమె పేరు నేను కోసేసిన గదా! నువ్వు మల్ల అతికినవ్?"

"పబ్లిక్ కామెంటే గదా చెల్లె. నెంబర్లు చూడు, ఎట్ల లేస్తున్నయో. పరేషాన్ కాకు."

"టీచరమ్మ ఏడ్చిందా?"

"ఏడిస్తే ఏమన్నా తప్పా? జెర ఎమోషన్ లేకుంటే జాకెట్టు కుట్టేది ఎవడు చూస్తడు?"

"కుట్టుకునేటోళ్ళు చూస్తరు! వాళ్ళకోసమే చెప్పింది ఆమె. నువ్వు తమాషా చూసేటోళ్ళ కోసం చేసినవ్."

అతను నవ్వాడు. నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

మేము అరుచుకుంటుండగానే టీచరమ్మ వచ్చింది. ఆ ఇరుకు మెట్లెక్కి, గోడ పట్టుకుని, ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడింది. పొద్దున్నే ఆ స్త్రీ ఆమెకు ఫోన్ చేసిందట. ఆఫీసులో ఎవరికీ చెప్పుకోని సంగతి, ఇప్పుడు ఆఫీసు గ్రూపులోనే తిరుగుతోందట. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఏం బాబూ, నేను ఎప్పుడు ఏడ్చాను?"

"అది జస్ట్ హుక్ మేడమ్. అందరు పెడ్తరు."

"నన్ను అడిగావా?"

"టైం లేకుండె మేడమ్..."

"ఆ పిల్లను అభాగ్యురాలు అన్నది నా గొంతు. వాళ్ళ అమ్మ వయసుంటుంది నాకు, 'మీరు నన్ను అట్లా అంటారనుకోలేదండీ' అంది ఫోన్లో. నేను కాదమ్మా అంటే నమ్మదే! ఎట్లా నమ్ముతుంది? నా గొంతే కదా!" ఆమె అరవలేదు. బడిలో వెనక బెంచీ దాకా వినపడేలా మాట్లాడే గొంతు అది, కింద దుకాణంలో తూకం వేసేవాళ్ళు కూడా తలెత్తి చూశారు. "తీసెయ్. ఇప్పుడే, నా ముందరే."

అతను నసిగాడు. ఒక్కరోజు ఉంచుదాం అన్నాడు, పేరు కనపడకుండా మసక చేస్తా అన్నాడు. నేను వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని ఆ రీల్ తీసేశాను. అతను "ఏయ్" అని నా కుర్చీ పట్టుకున్నాడు. టీచరమ్మ అతని చెయ్యి వైపు చూసింది. వదిలేశాడు. నా బ్యాగు తీసుకుని ఆమెతోపాటే మెట్లు దిగిపోయాను. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

తీసేసినంత మాత్రాన పోలేదు. అప్పటికే ఎవరెవరో దించుకుని, తమ తమ పేజీల్లో పెట్టుకున్నారు.

టీచరమ్మ ఇంటికి వెళ్ళి, నా ఫోన్‌లో ఉన్న అసలు ముక్క చూపించాను. పేరు లేదు, ఏడుపు లేదు. చివరిదాకా చూసింది. తరవాత ఆ స్త్రీకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. జరిగింది ముందు చెప్పింది. "అనింది నేను కాదమ్మా. కానీ నా పేజీలో వచ్చింది, నాకు తలెత్తుకోబుద్ధి కావడం లేదు. పాఠం మట్టుకు నిజం. నువ్వు వద్దంటే అదీ పెట్టను."

 అటువైపు నుంచి ఆ స్త్రీ గొంతు, మెత్తగా కాదు, గరుగ్గా వచ్చింది. "నేనేం ఏడవలేదు మేడమ్. నన్ను చూసి ఎవరూ ఏడవాల్సిన పని లేదు. నేను జాకెట్టు అడిగిన, అంతే. గా పాఠం పెట్టుండ్రి. నా పేరు మాత్రం రావొద్దు."

టీచరమ్మ లోపలికి వెళ్ళి శనివారం నాటి చీరే కట్టుకుని వచ్చింది. కిటికీ పరదా ఆ రోజు ఎంత తెరిచి ఉందో నేను వీడియో చూసి సర్దాను. ఫోన్ అదే ఎత్తులో పెట్టాను. హుక్ కోసం రెండు మూడు వాక్యాలు రాసి ఇచ్చాను. "సర్జరీ తరవాత ఈ తప్పు చేయకండి" అని ఒకటి. "ఏ తప్పూ? వాళ్ళేం తప్పు చేశారు?" అని కాగితం నా చేతికే ఇచ్చేసింది. సిగ్గేసింది గానీ ఆమె మాట నిజమే. మాకు అలా రాయడం అలవాటైపోయింది.

రైలు వెళ్ళేదాకా ఆగి, కత్తెర చేతిలోకి తీసుకుని, తనే చెప్పింది: "బ్రెస్ట్ సర్జరీ అయ్యాక జాకెట్టు ఎలా కుట్టాలి? ఏడుపులు పక్కన పెట్టి, కత్తెర తీసుకోండి."

ఒక్కసారికే కుదిరింది. అతికాను. అతుకు కనపడలేదు.

ఆ అబద్ధపు రీల్‌ను చూసినంత మంది దీన్ని చూడలేదు. కానీ కింద వచ్చిన మాటలు వేరు. జేబుకు ఎంత గుడ్డ కావాలి, మెత్త ఎక్కడ దొరుకుతుంది, మా అత్తమ్మకు కుట్టిస్తారా అని. టీచరమ్మ కూర్చుని ఒక్కొక్కరికీ జవాబు రాసింది. అన్న పదిరోజులకు ఫోన్ చేశాడు. "కొత్త హుక్ మస్తుంది చెల్లె, మల్ల రా, కలిసి చేద్దాం" అన్నాడు. క్షమించు అన్న మాట అప్పుడు కూడా రాలేదు. ఫోన్ పెట్టేశాను.

మొన్న మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఒక ఫంక్షన్‌కి వెళ్ళాను. భోజనాల దగ్గర వాళ్ళ కోడలు నా పక్కన కూర్చుని ఫోన్ చూపించింది. "వదినా, గిది చూడు, మస్తు ఏడుపొస్తది." నల్లటి తెర, ఆ పేరు, ఆ ఫోటో, ఆ దొంగ వణుకు. చెయ్యి కడుక్కోకుండానే ఎడమచేత్తో ఫోన్ లాక్కున్నాను. రిపోర్ట్ కొట్టాను, ఆమె ఎవరెవరికి పంపిందో అడిగి ఆ మెసేజీలు తీయించాను. "ఏమైంది వదినా, గంత కోపం?" అని ఆమె బిత్తరపోయింది. ఏమైందో అక్కడే, విస్తరి ముందే, మొత్తం చెప్పాను. చుట్టుపక్కలవాళ్ళు తినడం ఆపి వింటే విననీ అనుకున్నాను.