అక్క చెయ్యి ఎక్కడ ఆపాలి

మా అక్క మీద నాకు కుళ్లు. ఆమె చనిపోయి ఎన్నో ఏళ్లయినా పోలేదు. అరవై దాటాక చర్చి ఆడవాళ్ల దగ్గర అక్షరాలు నేర్చుకున్న మనిషిని. తిప్పి తిప్పి రాయడం నాకు రాదు, ఉన్నది రాస్తాను.

అక్క రెండో కాన్పులో పోయింది. మొదటి కాన్పు పిల్లను సాకడానికి పరాయిదెందుకని పెద్దవాళ్లు నన్ను బావకే ఇచ్చారు. ఆ పిల్లను నేనే పెంచాను. నన్ను చిన్నవ్వా అంటుంది. మా దిక్కు అవ్వ అంటే అమ్మ. ఆ మాటను గోడమీది ఫోటోకు దాచిపెట్టుకుంది.

ఆ ఫోటోలో బావ కుర్చీలో కూర్చుంటాడు, అక్క పక్కన నిలబడి ఉంటుంది. లక్సెట్టిపేటలో తీయించుకున్నది, నలుపూ తెలుపూ. అక్క నెత్తి పైభాగం కొంచెం తెగిపోయింది. ఎడమ చెయ్యి మోచేతి పైనే ఆగిపోయింది. అయినా బావ రోజూ పొద్దున తన కండువాతో ఆ అద్దం తుడిచేవాడు. నా ముఖం మీది చెమట ఒక్కనాడూ తుడిచిన మనిషి కాదు. ఆయనతో నాకున్న ఫోటో రేషన్ కార్డుదే. అందులో ఇద్దరం దొంగల్లా ఉంటాం.

పోయిన ఏడు ఆ బిడ్డ కరీంనగర్‌లో ఇల్లు కట్టుకుంది. కొత్తింటి ప్రార్థన నాటికి హాల్లో ఆ ఫోటోను పెద్దది చేసి పెట్టాలని పట్టుబట్టింది.

"తెగిన చెయ్యి ఇప్పుడు కంప్యూటర్ల పెంచుతరట చిన్నవ్వా. అవ్వ చెయ్యి ఎట్లుంటదో నీకే ఎర్క. నువ్వు రావాలె."

"ఆమె చెయ్యి చూసుడే నాకు పనా?" అన్నాను. అని, ఆటో ఎక్కాను.

స్టూడియో ఆయనకు నడివయసు. ఫోటోను అద్దంలోంచి తీసి, స్కాన్ చేసి తెర మీద పెట్టాడు. అక్క నెత్తి పైనా, చెయ్యి పక్కనా తెల్లని జాగా పెంచాడు. ఆ తెల్లదాన్ని, దాన్ని ఆనుకున్న పాత బొమ్మను ఓ పిసరు కలిపి చుట్టూ గీత గీసి ఒక బటన్ నొక్కాడు. మూడు రకాల బొమ్మలు వచ్చాయి.

"ఇది మీ అక్క చెయ్యి కాదు అవ్వా. పక్కన ఉన్నదాన్ని చూసి గిట్లుండొచ్చని అదే అల్లుతది. మంచిగ చూసి చెప్పుండ్రి, తప్పుంటె మళ్ల చేద్దాం."

నెత్తి బాగానే వచ్చింది. కానీ దగ్గరకు గుంజి చూపిస్తే, పాత పాపిట ఒక దారి, కొత్త పాపిట ఒక దారి. పైగా పూలదండ ఒకటి అల్లింది. "పూలెక్కడియి? ఆ దినం ఆమె పూలు పెట్టుకోలే" అన్నాను. ఆ ముక్క వరకే మళ్లీ చేయించాడు. ఈసారి పాపిట పాపిటకు కలిసింది.

చెయ్యి దగ్గర నాకు కడుపు మండింది. సన్నటి చెయ్యి, నున్నటి చెయ్యి, నిండా లావు గాజులు. జొన్నరొట్టెలు కొట్టి కొట్టి మా అక్క చెయ్యి రోకలిలా ఉండేది. చచ్చిపోయిన మనిషికి కంప్యూటర్ కూడా అందం తెచ్చి పెట్టింది. నా చేతులు ఒళ్లో పెట్టుకున్నవి, పైట కింద దాచాను.

"గంత సన్నగ లేకుండె. మట్టిగాజులు రెండు మూడు, గంతే."

"కుళ్లుతోటి చెప్తున్నవా, నిజంగ చెప్తున్నవా?" బిడ్డ నవ్వింది.

"రెండూ."

స్టూడియో ఆయన పైనున్న పాత చెయ్యి లావు చూసి, "ఈ అవ్వ చెప్పిందే నిజం. మీద గింత లావున్నది, కింద గంత సన్నగ ఎట్లయితది?" అని మళ్లీ నొక్కాడు. ఈసారి వచ్చిన మూడింటిలో ఒకదాంట్లో అక్క చెయ్యి పక్కకు చాచి ఉంది. దాన్ని పట్టుకుని అంచున ఒక పిల్ల నిలబడి ఉంది! రెండు జడలు, రిబ్బన్లు, పళ్లన్నీ కనిపించే నవ్వు.

"మేం చెప్పకున్నా ఒక్కోసారి మనుషుల్ని తెచ్చి పెడ్తది" అని ఆయన తీసేయబోయాడు.

"ఆగు కొడుకా" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "ఎవతె అది?"

"ఎవలు లేరవ్వా. ఉత్త బొమ్మ."

"ఆ జాగల నేనున్న."

బిడ్డ నా వైపు తిరిగింది. అప్పుడు చెప్పాను. ఆ రోజు నేనూ ఫోటోలో ఉంటానని ఏడ్చాను. ఫోటోలు తీసే మనిషి "పొల్లను పక్కకు జరుపుండ్రి" అన్నాడు. నేను అక్క చెయ్యి వదలలేదు, అక్క కూడా నన్ను వదిలించుకోలేదు. ఆయన విసిగి, నన్ను తప్పించడానికి కెమెరా జరిపి, ఫోటోలో ఆమె చేతినీ నెత్తినీ కోశాడు. నా కాళ్లకు చెప్పులు లేవు, ముక్కు కారుతోంది. రిబ్బన్లు కాదు కదా, నెత్తికి నూనె కూడా లేదు.

"గీ ముచ్చట ఎన్నడు చెప్పలే?"

"నువ్వడిగినవా? మీ అవ్వ ఎట్లుండెనని అడిగినవ్, నేనెక్కడున్ననని అడుగలే."

బిడ్డ మళ్లీ తెర వైపు తిరిగింది. తర్వాత, "అన్నా, గా పిల్ల ముఖం తీసి మా చిన్నవ్వ ముఖం పెట్టరాదు?" అంది. నా చిన్ననాటి ఫోటో ఉందా అని ఆయన అడిగాడు. లేదు. ఇప్పటి ముఖం నుంచి చేయొచ్చు గానీ అది అంచనాయే అన్నాడు.

"అద్దు. ఆ రిబ్బన్ల దాన్ని తీసెయ్యి ముందుగాల." పుట్టని పిల్ల మీద కుళ్లుకున్నది లోకంలో నేనొక్కదాన్నేనేమో.

ఆ పిల్ల పోయింది. చెయ్యి ఒక్కటే కావాలని నొక్కితే, ఒకసారి ఆరు వేళ్లు, ఇంకోసారి రెండు వేళ్లు అతుక్కుపోయి వచ్చాయి. చివరికి సరైన చెయ్యి వచ్చింది. వేళ్లు సరిగ్గా ఉన్నాయి, గాజులు సరిగ్గా ఉన్నాయి, రవిక అంచు తెగకుండా కలిసింది. చాచి ఉంది, తెరిచి ఉంది. బిడ్డ కళ్లు తుడుచుకుని, "గిదే ఉంచుండ్రి" అంది.

నేను చూస్తూ ఉన్నాను. ఒట్టి చెయ్యి. అందులో ఎవరూ లేరు. నేను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అక్క వేళ్లు ఎర్రబడ్డాయి. ఆ ఒట్టి చెయ్యి హాల్లోకి ఎక్కితే ఇక అదే నిజమైపోతుంది.

"మణికట్టు కాడ ఆపు కొడుకా. వేళ్లు అద్దు."

"మళ్ల మా అవ్వ చెయ్యి కోయిస్తవా?" బిడ్డ గొంతు పెరిగింది. "ఇంక గదే కుళ్లా నీకు?"

"గదే. బావను ఆమెకే ఇడిసిపెట్టిన, గోడ ఇడిసిపెట్టిన, అవ్వ అనే పిలుపు ఇడిసిపెట్టిన. గా చెయ్యి మాత్రం ఇయ్య. అది నేను పట్టుకున్నది."

స్టూడియో ఆయన మెల్లగా అన్నాడు: "మణికట్టు కాడ ఆపితె తెగినట్టే కనవడ్తది. మోచేతికి మణికట్టుకు నడుమ ఆపుదం. చెయ్యి బయటికి పోతున్నట్టు కనవడ్తది. ఉత్తగ అల్లింది గూడ తక్కువైతది."

బిడ్డ సరేనని తలూపింది. ఆయన అంచును లోపలికి జరిపాడు. కొత్త భాగం మరీ నున్నగా ఉందని పాత ఫోటో గరుకును దాని మీదా వేశాడు. కొత్తదాన్ని ఒకసారి తీసి, ఒకసారి పెట్టి, బావ ముఖం, అక్క ముఖం పాతవి ఉన్నట్టే ఉన్నాయని చూపించాడు. బావ ముఖం మారలేదు. మారితే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను.

ప్రార్థన రోజు ఫోటో హాల్లో ఎక్కింది. వచ్చినవాళ్లంతా అక్కనే చూశారు, అక్కనే పొగిడారు. ఎవరో "గా చెయ్యి ఎటు పోతున్నది?" అని అడిగారు. బిడ్డ నా వైపు చూసింది గానీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఫాదర్ గారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే బిడ్డ ఆడబిడ్డ ఒక కుర్చీ లాక్కుని, సరిగ్గా ఫోటోలో అక్క చెయ్యి ఆగిన అంచు కింద వేసుకుని కూర్చుంది.

నేను పోయి ఆమె భుజం తట్టాను.

"లెవ్వు బిడ్డా. అది నా జాగ."