చావని సరంగు ఎడమకాలు

క్లైమాక్స్ మామయ్య వేళ్లు కీబోర్డు మీద షాట్లు కత్తిరిస్తున్నాయి. నోరు మాత్రం టీ తెచ్చిన ముసలాయనకి, ఆయన సగం చూసిన సీరియల్ ముగింపు చెబుతోంది. ఏ కథైనా సరే, కొస ముందే చెప్పేయకపోతే ఆ ఎడిటరుకి అన్నం సయించదు; అందుకే ఆ పేరు.

"అక్క బతుకుతుంది. ఆస్తి మరిది కొట్టేస్తాడు."

"ఇంకా బోలెడు భాగాలున్నాయండీ."

"ఇక నిశ్చింతగా చూసుకోండి."

మామయ్యకి భయపడి రిసెప్షన్ అమ్మాయి డిటెక్టివ్ నవలకి వంటల పుస్తకం అట్ట వేసుకుంది. ఒక పెళ్లిలో ఆయన పెళ్లికొడుకుని పక్కకి పిలిచి, "చివరికి నువ్వే సర్దుకుపోతావు" అని చెప్పి వచ్చాడు.

ఇలాంటి మనిషి చేతిలో మేనకోడలు దర్శకురాలిగా తన తొలి సినిమా పెట్టింది. బాగా ఆడిన ఓ పాత సినిమాకి ఇది ముందు కథ. పాతదాంట్లో పడవ నడిపే సరంగు ముసలివాడు, ఎడమకాలు లేదు, ఒంటరి. ఇందులో అతనికి వయసుంది, తమ్ముడున్నాడు, రెండు కాళ్లూ ఉన్నాయి.

నిర్మాతకి నిద్ర పట్టలేదు. "సరంగు చావడని ఊరందరికీ తెలుసు. ఇంకేం చూస్తారు? వరదలో చచ్చిపోయినట్టు కాసేపు చూపించండి. లేదంటే సినిమా ఇంకో ఎడిటరుకిస్తా." టెన్షన్ అంటే ఆయన లెక్కలో నీళ్లలో మునిగిన తల, పైన డప్పుల మోత.

"ఎలా మామయ్యా?" అంది మేనకోడలు.

"వాడు చావడని తెలిసినవాళ్లకి చచ్చాడని చెప్తే నవ్వుతారే. దాచకు. ఆ తమ్ముడు పాత సినిమాలో ఎక్కడున్నాడు?"

"లేడు. ఊసే లేదు."

"వాడికేమైందో ఎవరికీ తెలీదుగా. భయం అక్కడుంది. ఇక సరంగు కాలు పోతుందని చూసేవాళ్లకి తెలుసు, పాపం వాడికి తెలీదు. ఎప్పుడు, ఎలా పోతుందో వాళ్లకీ తెలీదు."

మామయ్య ఆ దొంగచావు పెట్టనే లేదు. లంగరు తాడు చుట్టలో సరంగు ఎడమపాదం ఉన్న షాట్‌ని మాత్రం ఇంకాస్త సాగదీశాడు. అన్నదమ్ములు నవ్వుకుంటూనే ఉంటారు, తాడు జారుతూ ఉంటుంది.

నిర్మాతకి చూపించే రోజు మేనకోడలు తలుపు దగ్గరే ఆగిపోయింది. "సరేనంటాడు. పద," అన్నాడు మామయ్య.

హాల్లో ఆమె తెర చూడలేదు, నిర్మాతనే చూసింది. తాడు మొదటిసారి జారితే ఆయన ఫోను పక్కన పెట్టాడు. మళ్లీ జారినప్పుడు, కథంతా తెలిసిన, డబ్బు కూడా పెట్టిన ఆ పెద్దమనిషి తన ఎడమకాలు గభాల్న ఎత్తి కుర్చీలో పెట్టుకున్నాడు. దీపాలు వెలిగాక కూడా దించలేదు.

"ఇలాగే ఉంచండి," అన్నాడు చెప్పు వెతుక్కుంటూ.

"సరేనంటాడని నీకెలా తెలుసు?" అంది మేనకోడలు బయటికొచ్చాక.

"తెలీదు."

"మరి చెప్పావే?"

"చెప్పకపోతే లోపలికొచ్చేదానివా? కొస మంచిదని తెలిస్తే మనిషి పారిపోకుండా కూర్చుంటాడు."

"వణుకైతే తగ్గలేదు."

"ఎందుకు తగ్గుతుంది? ఎలా ఒప్పుకుంటాడో తెలీదుగా."

నిర్మాత డ్రైవరు హార్డ్‌డిస్క్ కోసం వచ్చాడు. మామయ్య దాని మీది దుమ్ము తుడిచి అతని చేతిలో పెట్టి, చెవి దగ్గరికి వంగాడు. మేనకోడలు ఊపిరి బిగబట్టింది.

"సరంగు చావడు," అన్నాడు. తమ్ముడి గురించి పెదవి విప్పలేదు.