ఆ అమ్మాయికి నేను పెట్టిన పరీక్ష

మిర్యాలగూడలోని ఒక ప్రైవేటు బడిలో చాలా ఏళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. కొన్నేళ్ళ కిందట మా ప్రిన్సిపాల్ నన్ను సూర్యాపేటకు మూడు రోజుల శిక్షణకు పంపారు. పదో తరగతి తర్వాత ఏ గ్రూపు తీసుకోవాలో పిల్లలకు సలహా ఇవ్వడం ఎలాగో అక్కడ నేర్పారు. తిరిగొచ్చాక ఆ పని నాకే అప్పగించారు. నిజం చెప్పాలంటే, చాలా సంతోషించాను. ఎంపీసీ, బైపీసీ తప్ప మూడో మాట లేని ఊళ్ళో పిల్లల్ని నీకేమిష్టమని అడిగేవాళ్ళు ఒకరు ఉంటారు కదా అనుకున్నాను.

ఆ ఏడాది తొమ్మిదో తరగతిలో త్రిపురారం నుంచి రోజూ బడి బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. కాలువ కింద వరి పొలాలున్న కుటుంబం. తాతకు పక్క పొలం వాళ్ళతో గట్టు తగాదా ఉంది. బడికి సెలవున్న రోజు కోర్టు వాయిదా ఉంటే ఆ పిల్ల తాత వెంట మిర్యాలగూడ కోర్టుకు వెళ్ళేది. తాతకు చూపు సరిగ్గా లేదు, కాగితాలన్నీ తనే చదివి వినిపించేది. ఒకరోజు క్లాసులో పిల్లల్ని రెండు జట్లు చేసి వాదించమంటే, ఎదుటి జట్టు చెప్పిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టి, ఒక్కోదానికి వరసగా జవాబు చెప్పింది. క్లాసయ్యాక అడిగాను, ఎక్కడ నేర్చుకున్నావని.

"మా తాత వకీలు సారు గిట్లనే చెప్తడు మేడం. నాక్కూడా గాడ నిలబడి మాట్లాడాలనుంటది."

తండ్రి మాత్రం ఆమెను పదో తరగతికి కోదాడలోని ఒక రెసిడెన్షియల్ బడిలో వేయాలనుకున్నాడు. అక్కడ పదితో పాటే ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌కు పునాది పాఠాలు చెబుతారు, ఇంటర్‌లో ఎంపీసీ కూడా అక్కడే. ఆయన చెడ్డవాడు కాడు. తను ఎంపీసీ మొదటి ఏడాదిలో లెక్కలు తప్పి పొలానికి వచ్చేశానని నాతోనే చెప్పాడు. "నాకు చెప్పేటోడు లేకుండె మేడం. నా బిడ్డకు గట్ల కావద్దు." వెంటనే నిర్ణయించకండి, ముందు పరీక్ష పెడదాం, అందులో ఏం తేలుతుందో చూద్దాం అన్నాను. సరేనన్నాడు. పరీక్ష అంటే ఆయనకు గౌరవం.

పరీక్షలో రెండు భాగాలు. మొదటిది సామర్థ్యం చూసేది: భాష, అంకెలు, బొమ్మల వరస, ఆకారాల్ని మనసులో తిప్పి చూడడం, ఇలా ఒక్కోదానికి ఇన్ని నిమిషాలని ఉంటుంది. రెండోది ఇష్టాల ఫారం. అందులో తప్పొప్పులు లేవు. ఒక్కో పని పేరు చదివి ఇష్టం, ఇష్టం లేదు, తెలియదు అని గుర్తు పెట్టడమే.

ఫలితం తొమ్మిది మెట్ల మీద వస్తుంది. ఆమెకు భాషలో ఎనిమిది వచ్చింది. అంకెల్లో అయిదు, ఆకారాల్లో మూడు. ఇవి నేను ఊహించినవే. ఇష్టాల ఫారం చూసి ఆగిపోయాను. యంత్రాలు విప్పి బిగించడం ఇష్టం. వంతెనలకు నమూనాలు గీయడం ఇష్టం. ఇతరుల తరఫున వాదించడం ఇష్టం లేదు. ఎక్కడా ఒక్క 'తెలియదు' కూడా లేదు. పద్నాలుగేళ్ళ పిల్లకు తెలియనిది ఏదీ లేకపోవడం ఉండదు.

మర్నాడు స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు పిలిచి, ఫారం ముందు పెట్టి, ఇది నీదేనా అని అడిగాను.

"రిపోర్టు ఇంటికి వోతది గదా మేడం. నాన్న సూస్తడు."

"చూస్తే?"

"వకీలని రాస్తే తాతను తిడ్తడు. కోర్టు సుట్టు తిప్పి పిల్లను చెడగొట్టినవంటడు. గందుకే గట్ల పెట్టిన."

మళ్ళీ నింపుతావా అన్నాను. వద్దంది. నాన్నకు నేను చెప్పనా అన్నాను. నా చెయ్యి పట్టుకుంది. "చెప్పొద్దు మేడం. అబద్ధం రాసినవా అని ఇంకా కోపమైతడు. నా మీద ఒట్టు." చెప్పనని మాటిచ్చాను. పిల్లలు మనసు విప్పి చెప్పుకున్నది వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని సూర్యాపేటలో నాకు మొదటి రోజే నేర్పారు. తప్పు పాఠమని ఇప్పటికీ అనలేను.

ఆ శనివారం తండ్రి వచ్చాడు. రిపోర్టు ఆయన చేతిలో ఉంది. నా వాదనలో సగం బయటపెట్టకూడనిది. మిగిలిన సగం చెప్పాను: భాషలో చాలా ముందుంది, ఆకారాల్లో వెనకబడింది, ఎంపీసీ ఆమెకు బరువవుతుంది. ఇంకో ఏడాది ఇక్కడే మామూలుగా పది చదవనివ్వండి, ఫలితాలు వచ్చాక సీఈసీనో ఎంపీసీనో చూద్దాం అన్నాను.

ఆయన రిపోర్టు మీద వేలు పెట్టాడు. "అంకెల్ల అయిదు. తొమ్మిదిట్ల అయిదంటే పాసే గద మేడం?"

"పాసు, ఫెయిలు కాదండీ. అందరి మధ్యలో ఉందని అర్థం."

"మధ్యల ఉంటె కష్టపడితే పైకొస్తది. ఇగ ఇష్టం సంగతి సూడున్రి. ఇంజనీరింగు పనులే ఇష్టమని బిడ్డే రాసింది. పరీక్ష పెట్టింది మీరే, రాసింది ఆమె. ఇగ మీకేం పరేషాన్?"

నేను ఆమె వైపు చూశాను. తండ్రి కుర్చీ వెనక నిలబడి ఉంది. కళ్ళతోనే వద్దంది. నీకేమనిపిస్తుందమ్మా, నువ్వే చెప్పు అన్నాను. "నాన్న చెప్పినట్లే మేడం," అంది. రేపు మనసు మారినా, మీరన్న సీఈసీ వాళ్ళు వెళ్ళే లా కోర్సుకు ఎంపీసీ చదివాక కూడా వెళ్ళొచ్చట గదా అని తండ్రి అన్నాడు. అదీ నిజమే. ఏ గ్రూపు వాళ్ళైనా ఆ ఎంట్రన్సు రాయొచ్చు. అవునని ఒప్పుకోక తప్పలేదు. ఆ దారి పట్టేలోపు ఆ పిల్లలో ఏం మిగులుతుందన్నది నా దగ్గరున్న ఏ ఫారంలోనూ లేదు.

వేసవి దాటాక ఆమె కోదాడ వెళ్ళిపోయింది.

మా బడిలో అటెండెన్సు రిజిస్టరులో ఆ పేరు ఉండేచోట ఇంకొకరి పేరు వచ్చింది. అప్పుడప్పుడు త్రిపురారం పిల్లల్ని అడిగేదాన్ని. వారం వారం పరీక్షల మార్కుల్ని బట్టి అక్కడ సెక్షన్లు మారుస్తారని, ఆమె రెండోదానికి, తర్వాత చివరిదానికి దిగిందని చెప్పారు. పదిలో మంచి మార్కులే వచ్చాయి. ఎంపీసీ మొదటి ఏడాదిలో లెక్కలు రెండు పేపర్లూ తప్పింది. తండ్రి సప్లిమెంటరీ కట్టించాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం కోదాడలో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు హాస్టల్‌కు వెళ్ళాను. పెద్దల్ని కలవనిచ్చే రోజది. గేటు దగ్గర వేపచెట్టు కింద తాత కూర్చొని ఉన్నాడు, ఆమె ఎదురుగా నిలబడి ఉంది. సన్నబడింది. నన్ను చూసి నవ్వింది, బాగున్నారా మేడం అంది. తాత తన సంచిలోంచి కోర్టు కాగితం తీసి, "జర సదివి చెప్పు బిడ్డా," అన్నాడు. ఆమె తీసుకుంది. రెండు లైన్లు చదివి తిరిగి ఇచ్చేసింది.

"వకీలు సారునే అడుగు తాతా. నాకిప్పుడు అర్థమైతలేదు."

అర్థం కాక కాదు. ఆ గొంతులో ఆసక్తి లేదు, కోపం కూడా లేదు. తాత కాగితం మడిచి లోపల పెట్టుకున్నాడు. నేను పక్కకు పిలిచి, క్షమించమ్మా, ఆ రోజు నేను చెప్పాల్సింది అన్నాను.

"మీరు చెప్పినా ఇదే అయ్యేది మేడం," అంది. నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజంగా అలాగే అనుకుందో తెలియదు. "ఇంకా లా చదవాలనుందా?" అని అడిగాను.

"ఏదైనా ఒకటే మేడం." స్టడీ అవర్‌కు బెల్లు కొట్టారు. తాతకు చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

ఈ ఏడాది కూడా ప్రిన్సిపాల్ ఆ పని నాకే ఇచ్చారు. ఇష్టాల ఫారం ఇంటికి పంపొద్దని అడిగాను. ఫీజు కట్టేది తల్లిదండ్రులు, వాళ్ళకు చూపించకపోతే ఎలా అన్నారు. నేను మానేస్తే ఎవరో ఒకరు ఒక పది నిమిషాలు కూడా పిల్లలతో కూర్చోకుండా రిపోర్టులు పంచేస్తారని మానలేదు. ఇది సాకేమో కూడా. పోయిన వారం కొత్త తొమ్మిదో తరగతికి కాగితాలు పంచాను. తలలు వంచి రాస్తున్నారు. ఎవరు నిజం రాస్తున్నారో, ఎవరు ఇంట్లోవాళ్ళు చూస్తారని రాస్తున్నారో, వరసల మధ్య ఎంతసేపు నడిచినా నాకు తెలియలేదు.